గీత గీయాలా, దారి అడగాలా?

గౌతమీ గోదావరికి ఒక ఒడ్డున కోటిపల్లి, ఎదుటి వైపున ముక్తేశ్వరం. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే రెండింటి మధ్య కొద్ది కిలోమీటర్లే. పంటు ఎక్కకుండా కారులో వెళ్లాలంటే మాత్రం ఎగువకు రావులపాలెం దాకా పోయి, జొన్నాడ దగ్గర వంతెన దాటి, ఆ ఒడ్డున మళ్లీ దిగువకు రావాలి. అంతా కలిపి యాభై అరవై కిలోమీటర్లు తేలుతుంది.

ఇలాంటి చోట ఏ ఊరికి ఏ ఆసుపత్రి దగ్గరో చెప్పే పట్టిక తయారుచేయాలనుకోండి. లెక్క సులువుగా ఉండటానికి కోనసీమలోనూ, దాని చుట్టుపక్కలా 400 ఊళ్లు, 30 ఆసుపత్రులు తీసుకుందాం. ప్రతి ఊరి నుంచి ప్రతి ఆసుపత్రికీ కొలిస్తే 12,000 జతలు అవుతాయి. చేయాల్సింది ఓ చిన్న స్వచ్ఛంద సంస్థ, దాని దగ్గర ఉన్నది ఒక ల్యాప్‌టాప్, నాలుగైదు వేల రూపాయలు. దారులు రెండు. ప్రతి పాయింటుకూ అక్షాంశ రేఖాంశాలు ఉంటే రెండింటి మధ్య నేరుగా గీత గీసినట్టు దూరం లెక్కగట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. లేదంటే గూగుల్ లాంటి రూటింగ్ సర్వీసును అడిగి అసలు రోడ్డు దూరం తెచ్చుకోవచ్చు, దానికి జతకింత అని బిల్లు పడుతుంది.

ఈ రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలని చాలామంది అనుకుంటారు. గీత లెక్క తప్పు, రోడ్డు లెక్క ఒప్పు, డబ్బు లేకపోతే తప్పుతో సర్దుకోవాలి అన్నట్టు మాట్లాడతారు. నా మటుకు నాకు గీత దూరంలో ఉన్న అసలు గుణం ఈ మాటల్లో మరుగున పడిపోతోందనిపిస్తుంది. రోడ్డు ఎంత వంకర తిరిగినా గీత కంటే పొట్టిగా మాత్రం ఉండదు. గీత 9 కిలోమీటర్లు అని తేలిందంటే రోడ్డు 9 కావచ్చు, 90 కావచ్చు, 8 మాత్రం కాదు. ఈ ఒక్క హామీని వాడుకోవడం తెలిస్తే బిల్లులో చాలా భాగం దానంతట అదే తగ్గిపోతుంది.

ముందు గీత లెక్క ఎలా వేస్తారో చూద్దాం. గోదావరి డెల్టా ఉన్న అక్షాంశం దగ్గర ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ అంటే సుమారు 106. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి రెండో అంకె తగ్గింది. అమలాపురం 16.58, 82.01 దగ్గర ఉంది. కాకినాడ 16.99, 82.25 దగ్గర. అక్షాంశాల తేడా 0.41 కాబట్టి 45.5 కిలోమీటర్లు, రేఖాంశాల తేడా 0.24 కాబట్టి 25.4. రెండింటినీ వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీస్తే దాదాపు 52 కిలోమీటర్లు వస్తుంది. స్కూల్లో చదువుకున్న పైథాగరస్ సిద్ధాంతమే ఇది. దేశమంతా కొలవాలంటే భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకునే హావర్‌సైన్ సూత్రం వాడతారు. భూమి అచ్చమైన గోళం కాదు కాబట్టి అందులోనూ అర శాతం దాకా తేడా రావొచ్చు. ఆ అర శాతం గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్లను చూశాను. ముక్తేశ్వరం, కోటిపల్లి మధ్య తేడా పదింతలు ఉన్న చోట అర శాతాన్ని పట్టుకుని కూర్చోవడం దండగ.

ఇక్కడే చాలామంది ఒక చిట్కా వేస్తారు. రోడ్డు సాధారణంగా గీత కంటే 20 నుంచి 40 శాతం ఎక్కువ ఉంటుంది కాబట్టి గీత దూరాన్ని 1.3తో గుణించేస్తే సరిపోతుందంటారు. అమలాపురం, కాకినాడల మధ్య ఇది బాగానే నప్పుతుంది. ఎదుర్లంక, యానాంల మధ్య వంతెన మీదుగా వెళితే రోడ్డు అరవై కిలోమీటర్లు దాటుతుంది, గుణకం 1.2 దరిదాపుల్లో ఉంటుంది. అయితే ఆ వంతెన వచ్చింది 2002లో. అంతకుముందు అక్కడ కూడా పంటే దిక్కు. వంతెన రాకముందూ వచ్చాకా ఈ రెండు ఊళ్ల మధ్య గీత దూరం ఒక్క మీటరు కూడా మారలేదు. గీతకు నది తెలియదు, వంతెనా తెలియదు. నువ్వు పెట్టే గుణకం జిల్లా మొత్తానికి ఒక సగటు. ఏ ఊరికి ఎదురుగా నది అడ్డం ఉందో అది చెప్పలేదు.

అలాగని గుణకం పనికిరానిదేం కాదు, కాకపోతే దాన్ని అడగాల్సిన ప్రశ్న వేరు. ఏడాదికి మొబైల్ వ్యాన్‌కు ఎంత డీజిల్ అవుతుందో అంచనా వేయాలంటే వేల దూరాల మొత్తం కావాలి. అక్కడ ఒక జతలో ఎక్కువైంది ఇంకో జతలో తక్కువై సర్దుకుంటుంది. అలాంటి పనికి 12,000 జతల్లోంచి లాటరీ తీసినట్టు ఓ 200 జతలు ఏరుకుని, వాటికి మాత్రం రోడ్డు దూరం కొని, మొత్తం రోడ్డు దూరాన్ని మొత్తం గీత దూరంతో భాగిస్తే మీ ప్రాంతానికి సరిపడే గుణకం దొరుకుతుంది. ఎక్కడో ఎవరో చెప్పిన 1.3 కంటే అది ఎంతో మేలు. పొట్టి జతలకూ పొడుగు జతలకూ విడివిడిగా తీస్తే ఇంకా మంచిది. దూరం తక్కువైనప్పుడే ఒక కాలువో, ఒక రైల్వే గేటో లెక్కను పూర్తిగా తలకిందులు చేస్తుంది. వంద కిలోమీటర్ల ప్రయాణంలో అదే మలుపు కలిసిపోతుంది.

మన ప్రశ్న మాత్రం ఏది దగ్గర అన్నది. ఇక్కడ గుణకం బొత్తిగా ఉపయోగపడదు. కారణం చాలా చిన్నది. ఒక ఊరి నుంచి 30 ఆసుపత్రుల గీత దూరాలన్నింటినీ 1.3తో గుణిస్తే అంకెలు పెరుగుతాయి గానీ వరస మారదు. గీత లెక్కలో దగ్గరగా ఉన్నదే గుణించాకా దగ్గరగా ఉంటుంది. గుణకంతో పట్టిక కాస్త నమ్మకంగా కనిపిస్తుంది, జవాబు మాత్రం ముక్తేశ్వరం వాళ్లను కోటిపల్లి వైపే పంపిస్తుంది.

ఇప్పుడు ఆ హామీని పనిలో పెడదాం. ఏటి ఒడ్డున ఓ ఊరు ఉందనుకోండి. దానికి 30 ఆసుపత్రుల గీత దూరాలు లెక్కేసి చిన్నదాని నుంచి పెద్దదానికి వరస పెట్టాం. మొదటిది 3.8 కిలోమీటర్లు, రెండోది 6.1, మూడోది 9.4, నాలుగోది 14. మిగతావన్నీ ఇంకా దూరం. ఇవి నేను ఉదాహరణకు వేసుకున్న అంకెలు. మొదటిదాని రోడ్డు దూరం అడిగితే 57 అని వచ్చింది, మధ్యలో ఏరుంది. రెండోదాన్ని అడిగితే 8.3 వచ్చింది. ఇక ఆగిపోవచ్చు. మూడోదానికి గీతే 9.4 కాబట్టి దాని రోడ్డు 8.3 కంటే తక్కువ అయ్యే అవకాశమే లేదు. నాలుగోది, ఐదోది, ముప్పయ్యోది అన్నీ అంతే. ముప్పై జతలు కొనాల్సిన చోట రెండే కొన్నాం. ఇది ఉజ్జాయింపు జవాబు అనుకోకండి, ముప్పై కొన్నా ఇదే జవాబు వస్తుంది.

ఆగే నియమం ఒక్క వాక్యంలో చెప్పాలంటే, ఇప్పటిదాకా దొరికిన అతి తక్కువ రోడ్డు దూరం, వరసలో తర్వాతి ఆసుపత్రి గీత దూరం కంటే తక్కువైతే ఆగాలి. చాలామంది దీనికి బదులు గీత లెక్కలో దగ్గరున్న మూడింటినే అడిగి సరిపెట్టేస్తారు. మైదానంలో ఆ పద్ధతి నడుస్తుంది. డెల్టాలో ఆ మూడూ ఏటికి అవతలే ఉండొచ్చు. నియమం పెట్టుకుంటే ఏ ఊరికి మూడు చాలాయో, దేనికి ఎనిమిది కావాలో లెక్కే చెబుతుంది. ఒక్కొక్కటిగా అడగడం నిదానంగా సాగుతుందనుకుంటే విడతలుగా అడగొచ్చు. మొదటి విడత ప్రతి ఊరికీ మూడేసి, అంటే 1,200 జతలు. తర్వాత నియమం వర్తింపజేసి ఇంకా తేలని ఊళ్లు ఏరండి. ఓ వంద మిగిలాయనుకుంటే వాటికి ఇంకో మూడేసి, అంటే 300. ఇలా ఎవరూ మిగలని దాకా పోతే 12,000 జతల పని ఇంచుమించు ఎనిమిదో వంతుతో అయిపోతుంది.

ఇందులో ఒక చిన్న జాగ్రత్త ఉంది. రూటింగ్ సర్వీసు మీ పాయింటును అలాగే తీసుకోదు. దానికి దగ్గరలో ఉన్న రోడ్డు మీదికి జరిపి అక్కడి నుంచి కొలుస్తుంది. రెండు కొసలా చెరో 200 మీటర్లు జరిగితే ఆ మేరకు రోడ్డు దూరం తగ్గి కనిపిస్తుంది, మన హామీ కాస్త సడలుతుంది. అందుకని పోల్చే ముందు గీత దూరంలోంచి ఓ శాతమూ, దానికి తోడు ఆ జరిగిన మీటర్లూ తీసేసి పోల్చాలి. ఒకటో రెండో జతలు ఎక్కువ కొనాల్సి వస్తుంది, అంతే.

ఇక ఖర్చు సంగతి. గూగుల్ డిస్టెన్స్ మ్యాట్రిక్స్ లాంటివి లెక్క కట్టేది ఎన్నిసార్లు అడిగామన్నదాన్ని బట్టి కాదు, ఎన్ని జతలు అడిగామన్నదాన్ని బట్టి. 10 ఊళ్లు, 10 ఆసుపత్రులు ఒకే ప్రశ్నలో పంపినా అవి 100 జతలే. వాళ్ల ప్రకటిత ధర చాలాకాలంగా వెయ్యి జతలకు 5 డాలర్లు, ట్రాఫిక్‌తో సహా కావాలంటే దానికి రెట్టింపు. నెలకు కొంత ఉచితం ఉంటుంది, దేశాన్ని బట్టి ధరలు మారతాయి, కాబట్టి మొదలుపెట్టే రోజున వాళ్ల ధరల పేజీ చూసుకోవాల్సిందే. ఆ ధరకు 12,000 జతలంటే 60 డాలర్లు, ఉచితం పోనూ ఇంకా తక్కువ. ఇది భరించగలిగిందే కదా అనిపించొచ్చు. బిల్లు పెరిగేది మొదటిసారి అడిగినప్పుడు కాదు. ఊళ్ల జాబితాలో తప్పులు దొరికి మళ్లీ, కొత్త ఆసుపత్రి చేరిందని మళ్లీ, ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయి అప్పటిదాకా వచ్చింది దాచుకోలేదని మళ్లీ, ఇలా అదే పట్టిక నాలుగైదు సార్లు కొనాల్సి వస్తుంది. పైగా వచ్చిన ఫలితాలను ఎన్నాళ్లు దాచుకోవచ్చో, ఇంకొకరికి ఇవ్వొచ్చో లేదో అన్నదాని మీద ఈ సర్వీసుల నిబంధనల్లో ఆంక్షలు ఉంటాయి. శాశ్వతంగా ఉండాల్సిన పట్టికకు అది పెద్ద అడ్డంకే.

మూడో దారి ఒకటుంది. మీ బృందంలో కమాండ్ లైన్ అంటే జంకని మనిషి ఒక్కరుంటే నేను ముందు ఈ దారే చెబుతాను. ఓఎస్ఆర్ఎం అనే రూటింగ్ ప్రోగ్రాం ఉచితం. దానికి కావాల్సిన రోడ్ల సమాచారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది, అదీ ఉచితమే. జియోఫాబ్రిక్ అనే సంస్థ ఆ సమాచారాన్ని ప్రాంతాలవారీ ఫైళ్లుగా ఇస్తుంది, మన రెండు రాష్ట్రాలూ దక్షిణ మండలం ఫైలులో ఉంటాయి. అయిదు రాష్ట్రాల రోడ్లను ఒకేసారి మింగాలంటే మామూలు ల్యాప్‌టాప్‌కు మెమరీ చాలకపోవచ్చు. అందుకని మనకు కావాల్సిన మేరకు ముందే కత్తిరించుకోవాలి.

```
osmium extract -b 81.4,16.2,82.5,17.2 southern-zone-latest.osm.pbf -o godavari.osm.pbf
osrm-extract -p car.lua godavari.osm.pbf
osrm-partition godavari.osrm
osrm-customize godavari.osrm
osrm-routed --algorithm mld godavari.osrm
```

మొదటి వరసలోని నాలుగు అంకెలు కత్తిరించే చతురస్రం అంచులు. వరసగా పడమర, దక్షిణం, తూర్పు, ఉత్తరం. దీన్ని మరీ బిగువుగా పెట్టకూడదు. కోనసీమ కదా అని జిల్లా అంచు దాకానే కత్తిరిస్తే ధవళేశ్వరం బ్యారేజీ, రాజమండ్రి వంతెనలు ఫైలులోంచి జారిపోతాయి. అప్పుడు నది దాటే దారి ఉన్నా లేనట్టే జవాబు వస్తుంది. పై అంకెల్లో రాజమండ్రికి ఉత్తరాన కూడా కొంత వదిలింది అందుకే.

ప్రోగ్రాం నడుస్తుంటే ప్రశ్న ఇలా అడగాలి. ఇది అమలాపురం నుంచి కాకినాడకు, రాజమండ్రికి.

```
http://localhost:5000/table/v1/driving/82.0061,16.5787;82.2475,16.9891;81.8040,17.0005?sources=0&destinations=1;2&annotations=distance
```

జవాబు మీటర్లలో వస్తుంది. ఒక్కో ప్రశ్నలో 100 పాయింట్లు అన్నది దీని మామూలు పరిమితి, కాబట్టి 30 ఆసుపత్రులకు 70 ఊళ్ల చొప్పున కలిపి పంపితే ఆరు ప్రశ్నల్లో మొత్తం 12,000 జతలూ వచ్చేస్తాయి. అలాంటప్పుడు ఇందాక చెప్పిన వడపోత అవసరమే లేదు, అన్నీ అడిగేయొచ్చు. ఓఎస్ఆర్ఎం వాళ్లే ప్రదర్శన కోసం నడిపే ఉచిత సర్వర్ ఒకటుంది. దాన్ని ఇలాంటి భారీ పనికి వాడటం మర్యాద కాదు, వాళ్లు ఒప్పుకోరు కూడా.

అది ఇచ్చే దూరం గురించి ఒక సంగతి తెలిసుండాలి. ఓఎస్ఆర్ఎం వెతికేది అతి త్వరగా చేరే దారిని, అతి పొట్టి దారిని కాదు. పొలాల మధ్య నుంచి 7 కిలోమీటర్ల సన్న రోడ్డు ఉన్నా, హైవే మీదుగా 10 కిలోమీటర్లు త్వరగా అవుతుందనిపిస్తే 10 అనే చెబుతుంది. అంబులెన్సుకైతే అదే సరైన జవాబు. సైకిల్ మీద వెళ్లేవాళ్లకు కాదు.

అన్నిటికంటే చిక్కు పంటుతో. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా పంటు దారిని గీసి ఉంటే ఓఎస్ఆర్ఎం దాన్ని కూడా రోడ్డు కిందే లెక్కేసి, కారు ప్రొఫైల్‌లో గంటకు 5 కిలోమీటర్ల వేగం ఇస్తుంది. రేవులో ఎంతసేపు ఆగాలో, రాత్రి ఎన్నింటికి పంటు కట్టేస్తారో, గోదావరికి వరద వస్తే ఎన్ని రోజులు నడవదో దానికి తెలియదు. దాంతో ఏటికి అవతలి ఆసుపత్రి చక్కగా దగ్గరిదై కూర్చుంటుంది. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఇంటికి ఆ జవాబు ఎందుకూ పనికిరాదు. ప్రశ్న చివర `&exclude=ferry` అని చేరిస్తే పంట్లు వదిలేసి లెక్క కడుతుంది. రెండు రకాలుగానూ అడిగి రెండు పట్టికలు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఒకటి పగటికి, ఒకటి రాత్రికీ వరదకీ. జవాబు మారిన ఊళ్ల జాబితా విడిగా తీస్తే నదికి ఏ ఒడ్డున ఎవరు చిక్కుబడి ఉన్నారో ఒక్క చూపులో తెలుస్తుంది.

పట్టిక చేతికొచ్చాక తప్పులు పట్టుకోవడానికి కూడా గీత దూరమే అక్కరకొస్తుంది. ప్రతి జతకూ రోడ్డును గీతతో భాగించి ఆ నిష్పత్తి ఒక కాలమ్‌లో పెట్టండి. అది ఒకటి కంటే బాగా తక్కువ వచ్చిందంటే అసాధ్యమైనది జరిగినట్టు లెక్క, ఎక్కడో పాయింటు చెడిందన్నమాట. ఎక్కువగా జరిగేది అక్షాంశం, రేఖాంశం తారుమారవడం. మనం మామూలుగా అక్షాంశం ముందు చెబుతాం, ఓఎస్ఆర్ఎం రేఖాంశం ముందు అడుగుతుంది. తారుమారైతే అమలాపురం ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. ప్రోగ్రాం మాత్రం కంగారు పడకుండా దాన్ని ఫైలులో ఉన్న ఏదో ఒక రోడ్డు కొసకు జరిపి లెక్క కొనసాగిస్తుంది. ఊళ్లన్నీ అక్కడే పోగుపడి దూరాలు సున్నాల్లా వస్తాయి. ఒక్కో పాయింటు ఎన్ని మీటర్లు జరిగిందో జవాబులోనే `distance` అని ఉంటుంది, ఓ 500 మీటర్లు దాటిన ప్రతి ఊరినీ మ్యాపు మీద చూడాలి. రెవెన్యూ గ్రామం మధ్య బిందువును ఊరి పాయింటుగా తీసుకుంటే ఇది తరచూ జరుగుతుంది. ఊరు ఒక మూల ఉంటుంది, ఆ బిందువు కొబ్బరితోటలోనో, లంకలోనో, ఒక్కోసారి నది మధ్యలోనో పడుతుంది. నది మధ్యలో పడ్డ పాయింటును ప్రోగ్రాం ఏ ఒడ్డుకు చేరుస్తుందన్నది అదృష్టం. సూత్రాల మధ్య ఉన్న అర శాతం తేడా కంటే ఈ తప్పు ఎన్నో రెట్లు పెద్దది.

నిష్పత్తి మరీ ఎక్కువ వచ్చిన జతల్ని కూడా పెద్దదాని నుంచి చిన్నదానికి వరస పెట్టి, పైనున్న ఇరవై ముప్పై జతల్ని ఆ ప్రాంతం తెలిసిన వాళ్లకు, ఆశా కార్యకర్తకో, ఆటో నడిపే వాళ్లకో చూపించండి. కొన్నిటికి వాళ్లు ‘అవునండీ, మధ్యలో ఏరుంది, చుట్టూ తిరిగే వెళ్లాలి’ అంటారు. కొన్నిటికి ‘అదేంటండీ, అక్కడ కాలవ మీద వంతెన పడి చాన్నాళ్లయింది కదా’ అంటారు. ఈ రెండో రకం మ్యాపులోని లోటు. దాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీరే గీయొచ్చు. వంతెనను రెండు వైపులా రోడ్డుకు సరిగ్గా కలిపేలా చూసుకోండి, ఒక్క మీటరు ఎడం ఉన్నా ప్రోగ్రాంకు దారి తెగినట్టే. జియోఫాబ్రిక్ ఫైళ్లు రోజూ తాజా అవుతాయి. ఒకటి రెండు రోజులాగి కొత్త ఫైలు దించుకుని ఆ ఆరు ప్రశ్నలే మళ్లీ అడగండి.